క్వార్టరే కదా అంటారు... క్వార్టర్ అంటే ఎంత?

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టుకుంటున్నాను. పక్క వాటాలో ఉండే ఆవిడ మెట్లెక్కి పైకొచ్చింది. గరిటె అందుకుని నాలుగు వడియాలు వేసింది గానీ మనసు అక్కడ లేదు. చివరికి కొంగుముడి విప్పి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"వదినగారూ, ఇది రాత్రి పాలల్లో కలిపి ఇస్తే మందు మీద అసహ్యం పుడుతుందట. ఆయనకి తెలియకుండానే ఇవ్వచ్చట. ఇవ్వనా, వద్దా?"

తెల్లటి పొడి. పొట్లం మీద పేరు లేదు, తయారుచేసినవాడి చిరునామా లేదు. గోడమీద అంటించిన కాగితం చూసి ఎవరిచేతో తెప్పించుకుందట. నాకు భయమేసింది. మా చెల్లెలు డాక్టరు. మద్యం అలవాటు మాన్పించే విభాగంలోనే పనిచేస్తోంది. ఆ సాయంత్రమే దానికి ఫోన్ చేశాం.

"అక్కా, ముందు ఆ పొడి సింకులో పారెయ్యమను" అన్నది మా చెల్లెలు మొదటి మాటగా. "తర్వాత సంగతి తర్వాత."

కారణం కూడా చెప్పింది. మందు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అని ఒక మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ఒంట్లో ఆ మద్యం సరిగా విరగదు. విరిగీ విరగని విషపదార్థం రక్తంలో పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ప్రాణం మీదకే రావచ్చు. అందుకే ఆ మాత్రని డాక్టరు గుండె, కాలేయం పరీక్షించి, తాగే మనిషికి అన్నీ వివరంగా చెప్పి, అతను సరేనన్నాకనే మొదలుపెడతారు. చివరి గుక్క తాగాక కనీసం పన్నెండు గంటలు గడవాలి. మాత్ర ఆపేసిన తర్వాత కూడా రెండు వారాలదాకా దాని ప్రభావం ఉండొచ్చు. ఊరూ పేరూ లేని పొడిలో ఈ మాత్రే నలిపి కలిపారో, ఇంకేం కలిపారో ఎవరికి తెలుసు? తెలియకుండా పాలల్లో కలిపి ఇస్తే, ఆ మనిషి తెలియకుండానే మర్నాడు మందు తాగుతాడు. అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తినా అక్కడి డాక్టరుకి సంగతేమిటో అర్థం కాదు.

పొడి సింకులోకి పోయింది. ఆవిడ కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు. "మరి నేనేం చెయ్యను? ఆయన తాగుబోతు కాదండీ. రోడ్డుమీద పడిపోరు. నెల జీతం తెచ్చి చేతిలో పెడతారు. ఎప్పుడడిగినా క్వార్టరే కదా అంటారు. మా అన్నయ్యతో చెప్తే, ఆ మాత్రం ఎవరు తాగటం లేదు అన్నాడు. నాదే చాదస్తమేమో అనిపిస్తోంది."

చాదస్తమో కాదో తేలాలంటే ముందు లెక్క తెలియాలి కదా! మనలో చాలామందికి కిలో కందిపప్పు ఎన్నాళ్లొస్తుందో తెలుసు గానీ, క్వార్టర్ అంటే ఎంతో తెలియదు. నాకూ తెలియదు. మా చెల్లెలు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

సీసాలో కొలత వేరు, ఒంటికి కొలత వేరు

బీరు సీసా పెద్దది, విస్కీ గ్లాసు చిన్నది. కల్లు ముంతలో వస్తుంది. వీటిని పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అంటే కంటికి తెలియదు. ఒంటికి తగిలేది ఆ ద్రవంలోని అసలు ఆల్కహాలు ఒక్కటే. అందుకని డాక్టర్లు పది గ్రాముల ఆల్కహాలుని ఒక ప్రమాణంగా పెట్టుకున్నారు. దాన్ని 'స్టాండర్డ్ డ్రింక్' అంటారు. మనం 'ఒక కొలత' అనుకుందాం. ఇది అన్ని దేశాల్లోనూ ఒకటి కాదు. ఇంగ్లండులో ఎనిమిది గ్రాములు, అమెరికాలో పద్నాలుగు గ్రాములు. విదేశాల నుంచి పిల్లలు పంపే కాగితాల్లో 'ఇన్ని డ్రింకులు' అని ఉంటే అది ఏ దేశపు లెక్కో చూసుకోవాలి. మన దగ్గర డాక్టర్లు సాధారణంగా పది గ్రాముల లెక్కే వాడతారు.

ఇక సీసా దగ్గరికి వద్దాం. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. నూరు మిల్లీలీటర్లలో దాదాపు 43 మిల్లీలీటర్లు అసలు ఆల్కహాలన్నమాట. ఆల్కహాలు నీటికంటే తేలిక. ఒక మిల్లీలీటరు ముప్పాతిక గ్రాముకి కాస్త పైన తూగుతుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సరిగ్గా పది గ్రాములుంటుంది. చిన్న పెగ్గు ఒక కొలత. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు రెండు కొలతలు.

క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు. అంటే ఆరు కొలతలు. అరవై గ్రాములు.

ఈ ఆరు అన్న అంకె గుర్తు పెట్టుకోండి. ఒక్క పూట ఆరు కొలతలు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఒక్కసారిగా అతిగా తాగడం' కింద లెక్కవేస్తుంది. మన ఇళ్లల్లో 'క్వార్టరే కదా' అనే ఆ చిన్న సీసా సరిగ్గా ఆ గీత మీదే నిలబడి ఉంది! కంపెనీవాళ్లు వేరే ఉద్దేశంతో ఆ సైజు పెట్టి ఉండొచ్చు గానీ, 'చిన్న సీసా' అన్న మాట ఒంటి విషయంలో నిజం కాదు.

బీరు సంగతి ఇంకా చిత్రం. "బీరేగా, అది కూల్‌డ్రింకు లాంటిది" అంటారు. మామూలు బీరు అయిదు శాతం. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో రెండున్నర కొలతలు. మన దగ్గర ఎక్కువగా తాగే స్ట్రాంగు బీరు ఎనిమిది శాతం దాకా ఉంటుంది. అప్పుడు అదే సీసాలో నాలుగు కొలతలు, అంటే రెండు పెద్ద పెగ్గులు. రెండు స్ట్రాంగు బీర్లు తాగిన మనిషి క్వార్టర్ కంటే ఎక్కువే తాగినట్టు. వైన్ అయితే 12 శాతం లెక్కన కాఫీ గ్లాసులో సగానికి, అంటే 100 మిల్లీలీటర్లకి, ఒక కొలత అనుకోవచ్చు. కల్లు లెక్క మాత్రం చెప్పడం కష్టం. పొద్దున దింపిన కల్లు తేలిక, సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. పైగా కొన్నిచోట్ల నిద్రమాత్రల మందు కలిపి అమ్మే కల్లు కూడా ఉంది. అది అసలు మద్యం లెక్కలోకే రాదు, ఇంకా ప్రమాదం.

గ్లాసుతో ఒక పరీక్ష

మా చెల్లెలు చెప్పిన ఉపాయం ఒకటి నేను వంటింట్లో చేసి చూశాను. దగ్గు మందు సీసా మీద ఉండే ప్లాస్టిక్ మూతకి గీతలుంటాయి చూడండి. పది మిల్లీలీటర్ల గీతదాకా మూడుసార్లు నీళ్లు పోస్తే 30 మిల్లీలీటర్లు, అంటే చిన్న పెగ్గు. మా ఇంట్లో టీ గ్లాసులో పోస్తే అడుగున కాస్త తడిసినట్టుంది, అంతే. దాన్ని చూసి 'ఇదేనా పెగ్గు' అనిపించింది.

పక్కింటావిడతో అన్నాను: "మీవారు గ్లాసులో ఎంతదాకా పోసుకుంటారో, అంతదాకా నీళ్లు పొయ్యండి చూద్దాం." ఆవిడ రోజూ చూసే గ్లాసే కాబట్టి తడుముకోకుండా పోసింది. కొలిస్తే 60 మిల్లీలీటర్లు. ఆయన దాన్ని 'ఒక పెగ్గు' అంటారు. డాక్టరు అడిగితే "మూడు పెగ్గులు తాగుతానండీ" అని నిజాయితీగానే చెప్తారు. డాక్టరు మూడు రాసుకుంటాడు. తాగింది ఆరు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా లెక్క సగానికి సగం తగ్గిపోయింది.

సోడా ఎంత కలిపినా, నీళ్లు ఎంత పోసినా కొలత మారదు. కడుపునిండా తిని తాగితే మత్తు నెమ్మదిగా ఎక్కుతుంది గానీ ఆల్కహాలు తగ్గిపోదు. అందుకని "నువ్వు పెట్టే పకోడీలు తిని తాగితే ఏమీ కాదు" అనే మాటకి మీరు మురిసిపోకండి. కాలేయం ఒక కొలతని విరగ్గొట్టడానికి దాదాపు గంట పడుతుంది, మనిషిని బట్టి కాస్త అటూఇటూ. చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. రాత్రి పదిన్నరకి క్వార్టర్ పూర్తిచేస్తే తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు దాకా ఒంట్లో ఉంటుంది. పదకొండు దాకా రెండు క్వార్టర్లు తాగితే మర్నాడు ఉదయం స్కూటరు మీద పిల్లాణ్ణి బడి దగ్గర దింపే వేళకి ఇంకా కొంత మిగిలే ఉంటుంది. వాసన రాకపోవచ్చు, తూలకపోవచ్చు. మన మోటారు వాహనాల చట్టం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం అంటుంది.

ఎంతవరకు పరవాలేదు?

ఈ ప్రశ్న నేనూ అడిగాను. మా చెల్లెలు నవ్వింది. "పరవాలేదు అని ఎవరూ రాసివ్వరక్కా. ప్రమాదం తక్కువ అని మాత్రం చెప్తారు" అన్నది.

2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది, ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదు అంటూ మద్యానికి లేదని. కేన్సరు తెచ్చే పదార్థాల్లో మద్యాన్ని 1988లోనే చేర్చారు. 'గుండెకి మంచిది, రోజూ కాస్త పుచ్చుకోవచ్చు' అన్న పాత మాట మీద ఇప్పుడు డాక్టర్లకి నమ్మకం పోయింది. అయినా తాగేవాళ్లు తాగుతున్నారు కాబట్టి ప్రభుత్వాలు ఒక గీత గీస్తాయి. మన పెగ్గుకి సరిగ్గా సరిపోయేది ఆస్ట్రేలియావాళ్ల లెక్క. వాళ్ల కొలత కూడా పది గ్రాములే. 2020లో వాళ్లు చెప్పినది ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు, ఆడైనా మగైనా, వారానికి పది కొలతలు మించకూడదు, ఏ ఒక్క రోజూ నాలుగు మించకూడదు. ఆ గీతలోపల ఉంటే మద్యం వల్ల చనిపోయే అవకాశం నూటికి ఒకటికంటే తక్కువ అని వాళ్ల లెక్క. ఇంగ్లండు 2016లో చెప్పిన వారపు హద్దుని మన కొలతల్లోకి మారిస్తే పదకొండు దాకా వస్తుంది. కెనడా వాళ్లు 2023లో ఇంకా తగ్గించి, వారానికి రెండు మించకుంటేనే ప్రమాదం తక్కువన్నారు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, వారానికి పది అన్నారు కదా అని అన్నీ దాచిపెట్టి ఆదివారంనాడు ఒక్కసారే తాగేస్తే కుదరదు. రోజుకి నాలుగు అన్న హద్దు అందుకే. వారానికి ఒక్కరోజే తాగినా క్వార్టర్ తాగితే ఆ రోజు హద్దు దాటినట్టే. రెండోది, ఈ హద్దు అందరికీ కాదు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి, బండి నడపబోయేవాళ్లకి హద్దు సున్నా. నిద్రమాత్రలు, క్షయ మందులు, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా ఒక్క కొలత కూడా ముట్టకూడదు.

కేలండరు మీద నీలం చుక్కలు

"ఆయన తాగుతున్నదెంతో ఊహించకండి, నాలుగు వారాలు రాయండి" అన్నది మా చెల్లెలు. పక్కింటావిడకి ఆ పని కొత్తేం కాదు. పాలవాడి లెక్క, చాకలి పద్దు వేసే కేలండరు మీదే, తేదీ కింద నీలం రంగు పెన్నుతో కొలతలు రాసింది. దాచి రాయలేదు. "డాక్టరుగారు రాయమన్నారు, మీరు చూసినా నాకేం లేదు" అని భర్తకి ముందే చెప్పింది. ఇది ముఖ్యం. దొంగతనంగా పోలీసు లెక్కలు రాస్తున్నారని తెలిస్తే ఆయన ఇంటి బయట తాగడం మొదలుపెడతాడు, అంతే.

వారం ఇలా తేలింది. మంగళ, గురు, శనివారాలు క్వార్టర్ చొప్పున పద్దెనిమిది. ఆదివారం మధ్యాహ్నం స్నేహితులతో రెండు స్ట్రాంగు బీర్లు, ఎనిమిది. మొత్తం ఇరవై ఆరు. వారపు హద్దు పది. తాగిన నాలుగు రోజుల్లో ప్రతిరోజూ ఆరు గాని అంతకుమించి గాని. ఆయనకి నలభై ఆరేళ్లు. పదేళ్లకిందట ఆఫీసు పార్టీల్లో, నెలకోసారి, రెండు చిన్న పెగ్గులు. ఎప్పుడు ఇంత పెరిగిందో ఆవిడకీ తెలియదు, ఆయనకీ తెలియదు. బదిలీ అయిన ఊళ్లో ఒంటరిగా ఉన్న ఆరు నెలల్లో స్నేహితులు లేకుండానే తాగడం మొదలైందని మాత్రం తర్వాత ఆయనే చెప్పారు.

ఆ మార్పే చూడాలట. అదివరకు మనుషుల కోసం మందు, ఇప్పుడు మందు కోసం మనుషులు. పెళ్లిళ్లకి వెళితే అక్కడ మందు ఉంటుందా లేదా అన్నది ముందు కనుక్కుంటున్నారట. సత్యనారాయణ వ్రతానికి పుట్టింటికి రమ్మంటే శనివారం వద్దన్నారట. ఇదంతా ఆవిడ విడివిడిగా చెప్తుంటే చిన్న విషయాల్లాగే ఉన్నాయి. నాకు మాత్రం ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే గుండె జారింది.

ఇంకోటి అందరూ తిరగేసి చెప్పుకుంటారు. "మావారు ఎంత తాగినా తొణకరు" అని కొందరు గొప్పగా కూడా అంటారు. ఒంటికి అలవాటైపోయి, ఇదివరకు రెండు కొలతలకి వచ్చే మత్తు ఇప్పుడు ఆరుకి గాని రాకపోవడం అది. తూలడం మానేశాడంటే కాలేయానికి దెబ్బ తగలడం మానేసిందని కాదు. రాత్రి జరిగిన మాట పొద్దున గుర్తులేకపోవడం కూడా అలాంటిదే. మన పక్కింటాయన ఒకరాత్రి కూతురు కాలేజీ ఫీజు సంగతి అరగంట మాట్లాడి, మర్నాడు 'ఎప్పుడు మాట్లాడాం' అన్నారట. అబద్ధమాడుతున్నారని ఆవిడ దెబ్బలాడింది. ఆయనకి నిజంగానే గుర్తులేదు. మెదడు ఆ అరగంటని రాసుకోలేదు.

ఇప్పుడు మనందరం తెలుసుకోవలసిన సంగతి. డాక్టర్లు ప్రపంచమంతటా జబ్బుల పేర్లకి ఒక పట్టిక వాడతారు. 2022 నుంచి అమలులో ఉన్న కొత్త పట్టికలో 'హాని చేసే తాగుడు తీరు' అని ఒకటి ఉంది. బానిస కానక్కర్లేదు, పొద్దున్నే తాగక్కర్లేదు. తాగుడు తీరు వల్ల ఆ మనిషి ఒంటికి గాని మనసుకి గాని హాని జరిగితే చాలు. అంతేకాదు, తాగిన మత్తులో అతను చేసిన పని వల్ల ఇంకొకరి ఒంటికి దెబ్బ తగిలినా, మనసుకి జబ్బు చేసినా అది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రోజూ తాగే తీరయితే ఒక నెల, అప్పుడప్పుడూ తాగే తీరయితే ఏడాది చూస్తారు. "నేను తాగితే నా ఒళ్లే కదా పాడయ్యేది" అనే మాటకి ఇక వైద్యశాస్త్రంలో చోటు లేదు.

పది ప్రశ్నలు

ఆయనని ఆస్పత్రికి తీసుకెళ్లడం ఎలా? ఆవిడ రాత్రిపూట మాట్లాడలేదు. తాగి ఉన్నప్పుడు ఏది చెప్పినా దెబ్బలాటే. బుధవారం పొద్దున, కాఫీ ఇచ్చాక, కేలండరు ముందు పెట్టి "ఇది ఇరవై ఆరట. నాకు అర్థం కావటం లేదు, ఒక్కసారి మీరే డాక్టరుని అడగండి. బీపీ కూడా చూపించుకోవచ్చు" అన్నది. తాగుబోతు అన్న మాట వాడలేదు. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు సెలవు పెట్టారు.

అక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నలు అడిగారు. ఎన్ని రోజులకోసారి తాగుతారు, తాగితే ఎంత, ఆరు కొలతలు ఎన్నిసార్లు దాటుతుంది, మొదలుపెట్టాక ఆపలేకపోయారా, చెయ్యాల్సిన పని చెడిందా, పొద్దున్నే తాగాల్సి వచ్చిందా, తర్వాత బాధపడ్డారా, రాత్రి సంగతి మర్చిపోయారా, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఇంట్లోవాళ్లో డాక్టరో తగ్గించమన్నారా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు.

ఆయనకి ఎలా వచ్చిందంటే: వారానికి నాలుగు రోజులు కాబట్టి మొదటిదానికి నాలుగు. తాగినప్పుడు ఆరు కాబట్టి రెండు. ప్రతివారం ఆరు చేరుతున్నారు కాబట్టి మూడు. నెలకోసారైనా ఆపుదామనుకుని ఆపలేకపోయారు, రెండు. పని చెడింది ఏడాదిలో ఒకటి రెండుసార్లే, ఒకటి. పొద్దున్నే ఎప్పుడూ తాగలేదు, సున్నా. నెలకోసారి 'ఎందుకు తాగానా' అనుకుంటారు, రెండు. మర్చిపోయింది అరుదుగా, ఒకటి. దెబ్బలు లేవు, సున్నా. భార్య ఈ ఏడాదిలోనే అడిగింది, నాలుగు. మొత్తం పంతొమ్మిది.

ఏడు దాకా మామూలు. ఎనిమిది నుంచి జాగ్రత్తపడాలి, డాక్టరు సలహా చాలు. పదహారు నుంచి పంతొమ్మిదిదాకా సలహాతోపాటు కొన్నాళ్లు కూర్చోబెట్టి మాట్లాడాలి, మళ్లీ మళ్లీ చూడాలి. ఇరవై దాటితే తాగుడుకి బానిసయ్యే వరస, ప్రత్యేక వైద్యం కావాలి. ఆయన ఆ గుమ్మం ముందు ఒక్క మార్కు దూరంలో నిలబడి ఉన్నారు. మార్కులు చూసి ఆయన మొదట "పరీక్షలో కూడా ఇంత రాలేదు" అని నవ్వారట, తర్వాత నవ్వలేదట. రక్తపోటు 150 మీద 96. కాలేయపు పరీక్షల్లో జి.జి.టి. అనేది హద్దుకి రెండింతలుంది.

మూడు నెలలు పూర్తిగా మానెయ్యమన్నారు. ఇక్కడ డాక్టరు ఒక ప్రశ్న రెండుసార్లు అడిగారట: సోమ, బుధ, శుక్రవారాలు తాగని రోజుల్లో చేతులు వణుకుతాయా, చెమటలు పడతాయా, పొద్దున్నే దడగా ఉంటుందా అని. లేవన్నారు. అందుకే ఇంట్లోనే మానొచ్చన్నారు.

అవి ఉన్నాయంటే సంగతి వేరు. రోజూ తాగే మనిషి చటుక్కున ఆపేస్తే ఆరు గంటల తర్వాత నుంచీ వణుకు మొదలవుతుంది. రెండు రోజులలోపు మూర్ఛ రావచ్చు. రెండు, మూడో రోజుల్లో లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం వస్తే ప్రాణాపాయం. కొందరు ఆడవాళ్లు కోపంలో సీసాలన్నీ పారబోసి, గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. అలాంటి మనిషికి ఆ పని చెయ్యకూడదు. ఆస్పత్రిలో మాత్రలతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో నెమ్మదిగా మాన్పిస్తారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూస్తారు. ముందు ఫోన్‌లో అడగాలంటే 14446కి గాని, మనసుకి సంబంధించిన సలహాకి 14416కి గాని చెయ్యొచ్చు. రెండూ ప్రభుత్వానివే. తాగే ఆయన రానంటే భార్య ఒక్కత్తే మాట్లాడినా వింటారు.

పక్కింటావిడ అడిగిన మాట ఒకటి రాయాలి. "1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు కదండీ, నేనేమో మా ఇంట్లో ఒక్క సీసా మూయించలేకపోతున్నాను" అన్నది. దూబగుంటలో వీధంతా కలిసి నిలబడింది. మరుసటి ఏడు అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధమూ వచ్చింది, 1997లో సడలిపోయింది. ఈవిడేమో నాలుగు గోడల మధ్య ఒంటరిగా, 'ఆ మాత్రం ఎవరు తాగటం లేదు' అనే అన్నయ్యతో. రెండూ ఒకటి కాదు. ఆవిడ తనని తాను తక్కువ చేసుకోవడం నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను.

ఆయన ఎలా ఉన్నారంటారా? మొదటి పందొమ్మిది రోజులు ముట్టలేదు. ఇరవయ్యో రోజు ఆఫీసులో ఎవరిదో ప్రమోషన్. ఆవిడ ఏడవలేదు, సాధించలేదు. మర్నాడు ఇద్దరూ వెళ్లి డాక్టరుకి చెప్పారు. "జారారు, పడలేదు. మంగళవారం సాయంత్రాలు ఏం చేస్తారో ముందే అనుకోండి" అన్నారట డాక్టరు. ఇప్పుడు మంగళ, గురువారాలు కొడుకుని షటిల్ ఆటకి తీసుకెళ్లేది ఆయనే. ఆదివారం స్నేహితుల దగ్గరికి వెళ్లడం మాత్రం మానేశారు. అది ఆయనకి కష్టంగానే ఉంది, ఇంట్లో ఊరికే చిరాకు పడుతున్నారని ఆవిడే చెప్పింది. మూడో నెలలో మళ్లీ పరీక్ష చేస్తే జి.జి.టి. హద్దులోకి వచ్చింది. రక్తపోటు కొంచెం దిగింది, మాత్ర మాత్రం వేసుకోవాలి.

కేలండరు ఇప్పటికీ వంటింటి తలుపు వెనకే ఉంది. దసరానాడు నాలుగు అని ఉంది. ఆ అంకె రాసింది ఆవిడ కాదు. పెన్ను అడిగి తీసుకుని ఆయనే రాశారు.